బీచ్ రోడ్డు బస్సులో ఒక శుభలేఖ: ఫోనులో చదవగలిగే పెళ్లి ఆహ్వాన వీడియో తయారీ

పెళ్లి ఆహ్వాన వీడియో చూసినవాళ్లు "చాలా బాగుంది" అని మెచ్చుకుని, ఆ వెంటనే ఫోను చేసి "ఇంతకీ ముహూర్తం ఎన్నింటికి?" అని అడిగితే ఆ వీడియో పని చేయనట్టే. చాలా వీడియోల్లో జరిగేది ఇదే. పూలు రాలుతుంటాయి, బంగారు అక్షరాలు తళుక్కుమంటుంటాయి, కింద సన్నని అక్షరాల్లో కల్యాణమండపం చిరునామా వచ్చి, చదివేలోగా మాయమవుతుంది. శ్రీకాకుళంలో ఉన్న పెద్దనాన్నగారు దాన్ని వాట్సాప్‌లో, అదీ నాలుగు చేతులు మారి నాసిరకమైన బొమ్మతో చూస్తారు. మనం తయారు చేయవలసింది ఆయన కోసం.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. ముందు అక్షరాలు, తర్వాత కాలం, ఆ తర్వాతే కథ, బొమ్మలు. ఉదాహరణకు ఒక నిమిషం వీడియోను మొదటి నుంచి చివరి దాకా కట్టుకుంటూ పోదాం. అబ్బాయిది విశాఖపట్నం, అమ్మాయిది భీమిలి. పేర్లు శ్రీకృష్ణ, జ్యోత్స్న అనుకుందాం. జ్యోత్స్న అన్న పేరును కావాలనే ఎంచుకున్నాను. "త్స్న" సరిగ్గా పడితే మిగతావన్నీ పడతాయి.

మాటలు ముందు

అచ్చు శుభలేఖలోని పాఠాన్ని యథాతథంగా తెరమీదకు ఎక్కించవద్దు. కాగితం చేతిలో ఉంటుంది కాబట్టి ఎంతసేపైనా చదువుకోవచ్చు, తెర అలా ఆగదు. తాతగార్ల పేర్లు, మనుమరాలు, ప్రథమ పుత్రిక వంటి వరుసలన్నీ కాగితానికి వదిలేయండి. వీడియోలో ఉండవలసినవి ఐదు: వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, వేదిక, ఆహ్వానించేవారి మాట. అచ్చు కార్డును ఇంట్లో పెద్దలు సింహాచలం అప్పన్న పాదాల దగ్గర పెట్టేలోపే వీడియో బయటకు వెళ్లకూడదంటారేమో కూడా ఈ దశలోనే కనుక్కోండి. విశాఖ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఆ పట్టింపు ఉంది.

ప్రెస్సు వాళ్ల దగ్గర పాఠం తెచ్చుకుంటే ఒక చిక్కు ఉంది. చాలా ముద్రణాలయాల్లో ఇప్పటికీ "అను" అనే పాత రకం ఖతుల్లో అక్షరాలు కూరుస్తారు. అవి యూనికోడ్ కావు. ఆ పాఠాన్ని కాపీ చేసి మరో చోట అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. మార్చే ఉపకరణాల వెంట పడకుండా ఐదు ముక్కలనూ మీరే మళ్లీ టైపు చేసుకోవడం మేలు. ఎలాగూ పది పదిహేను వరుసలే. వాటిని ఒకసారి పురోహితుడికో, ఇంటి పెద్దకో చూపించి ఖాయం చేసుకోండి. బొమ్మలు కదిలాక ఒక తిథి మారిస్తే, తెరమీద ఆ మాటలు వచ్చే బొమ్మను, అంటే ఆ కార్డును, మళ్లీ చేయాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసింది ముహూర్తం. మనకు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. అచ్చు కార్డులో ఇలా ఉంటుంది: "వైశాఖ శుద్ధ త్రయోదశి బుధవారం రాత్రి 1.42 గంటలకు (తెల్లవారితే గురువారం) స్వాతి నక్షత్రయుక్త కుంభ లగ్నమందు". పంచాంగం ప్రకారం అది బుధవారమే. క్యాలెండరు ప్రకారం గురువారం తేదీ పడింది. తెరమీద ఆరేడు క్షణాలు చూసినవాడు "గురువారం" అన్న ముక్కను మాత్రమే పట్టుకుని, గురువారం రాత్రికి సూట్‌కేసుతో దిగుతాడు. కాబట్టి దీన్ని రెండు కార్డులు చేయండి. మొదటి దానిలో తిథి, నక్షత్రం, లగ్నం, సమయం. రెండో దానిలో "విందు: బుధవారం రాత్రి 7.30 నుంచి" అని, పక్కనే బుధవారం తేదీ. అతిథికి కావలసింది ఏ రోజు బయలుదేరాలన్నదే, దానికి ఈ రెండో కార్డు జవాబు చెబుతుంది. అంకెలు మామూలు 1, 2, 3లే వేయండి. తెలుగు అంకెలు అందంగానే ఉంటాయి, కానీ వాటిని ఠక్కున చదివేవాళ్లు తక్కువ.

కాలాన్ని తాళంతో కొలవడం

సంగీతాన్ని చివర్లో అతికిస్తే దృశ్యం ఒక చోట, దెబ్బ ఒక చోట పడతాయి. అందుకని తాళాన్నే కొలబద్ద చేసుకుందాం. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది దెబ్బలు. ఆ చుట్టు మొత్తం ఒక ఆవర్తనం. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు పడుతుంది. పది ఆవర్తనాలు ఒక నిమిషం. ఇక వీడియో అంతా ఈ పది గళ్లలో సర్దుకుంటుంది.

కథకు మొదటి నాలుగు గళ్లు, అక్షరాలకు మిగిలిన ఆరు. ఐదో గడిలో వధూవరుల పేర్లు, ఆరో గడిలో తల్లిదండ్రులు, ఏడు, ఎనిమిది గళ్లలో ముహూర్తం రెండు కార్డులు, తొమ్మిదిలో వేదిక, పదిలో ఆహ్వానం. కథకన్నా మాటలకు ఎక్కువ కాలం ఇచ్చామని గమనించండి. చాలామంది దీన్ని తిరగేసి, కథకు 45 సెకన్లు ఖర్చు చేసి, పెళ్లి వివరాలన్నిటినీ పావు నిమిషంలో కుక్కుతారు.

ఒక కార్డులో ఎన్ని మాటలు పట్టాలన్నది గడియారంతో తేలుతుంది. కార్డును పెద్దగా, తొందరపడకుండా చదవండి. నాలుగు సెకన్లలో పూర్తయితే ఆరు సెకన్ల గడికి సరిపోతుంది. మిగిలిన రెండు సెకన్లు కళ్లజోడు సర్దుకోవడానికి. ఏడెనిమిది మాటలు దాటాయంటే కార్డును చీల్చండి, లేదా మాట తగ్గించండి.

కథ: బస్సులో ఒక ఖాళీ సీటు

ఇరవై నాలుగు సెకన్లలో ప్రేమకథ మొత్తం చెప్పలేం. ఒక వస్తువు ఒక చోట మొదలై మరో చోట ఇంకొకటిగా మారితే చాలు. మన కథలో అది బస్సు టికెట్టు. ఆర్కే బీచ్ దగ్గర బస్సు కదులుతుంది. కిటికీ పక్కన అబ్బాయి, అతని పక్క సీట్లో అతని సంచి. రెండో గడిలో బస్సు ఆగుతుంది, అమ్మాయి ఎక్కుతుంది, అతను సంచి తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. మూడో గడిలో ఇద్దరూ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తుంటారు, చేపల పడవలు దాటిపోతుంటాయి. నాలుగో గడిలో భీమిలి దీపస్తంభం కనబడుతుంది, అమ్మాయి చేతిలోని టికెట్టు పెద్దదవుతూ వచ్చి తెరంతా నిండుతుంది. ఆ టికెట్టు కాగితమే శుభలేఖ. దాని అంచులకు పసుపు పాకుతుంది. ఇక్కడి నుంచి అక్షరాలు.

ఒక్క మాట కూడా అక్కర్లేని కథ కావడం దీనిలోని సుఖం. ఫోను సైలెంటులో పెట్టుకుని చూసినా అర్థమవుతుంది.

ఊరిని బొమ్మలో పెట్టేటప్పుడు దిక్కులు చూసుకోండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి ఉత్తరాన ఉంది, సముద్రం తూర్పున. బస్సు వెనక సముద్రం కనబడాలంటే మనం పడమటి వైపు నిలబడి చూస్తున్నట్టు. అప్పుడు బస్సు కుడి నుంచి ఎడమకు పోవాలి. మన బస్సులకు తలుపు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి అది మనవైపే కనబడుతుంది, అమ్మాయి ఎక్కడం చూపించడానికి అదీ కలిసొచ్చింది. కురుసుర జలాంతర్గామి ఇసుకలోనే, సముద్రం పక్కనే ఉంది కనుక బస్సు వెనక వస్తుంది. దానికి ఎదురుగా రోడ్డుకు ఇవతల ఉన్న విమానాల మ్యూజియం గానీ, కైలాసగిరి గానీ ఆ వైపు రావు. అందంగా ఉంటుందని కైలాసగిరిని సముద్రంలో నిలబెడితే ఊరివాళ్లు పెళ్లికి వచ్చి మరీ ఆ సంగతి చెబుతారు.

బొమ్మను కదిలించడం

ఖర్చు లేకుండా చేయాలంటే బొమ్మలకు, అక్షరాలకు ఇంక్‌స్కేప్, కూర్పుకు కెడెన్‌లైవ్ చాలు. రెండూ ఉచితం. వీడియో కొలత నిలువుగా 1080 × 1920 పిక్సెళ్లు, సెకనుకు 30 ఫ్రేములు.

బస్సును నడపవద్దు, ఊరిని నడపండి. బస్సు తెర మధ్యకు కాస్త కిందుగా, సుమారు 900 పిక్సెళ్ల వెడల్పుతో కదలకుండా ఉంటుంది. దాని వెనక రెండు పొరలు, ముందు ఒకటి. మొదటిది ఆకాశం, సముద్రం, అది దాదాపు నిశ్చలం. రెండోది 5400 పిక్సెళ్ల పొడవైన పట్టీ, జలాంతర్గామి, పడవలు, దీపస్తంభం దానిమీద ఉంటాయి. మూడోది బస్సుకు ముందు నుంచి అప్పుడప్పుడు దాటిపోయే కొబ్బరి చెట్టు. ఒకే చెట్టును నాలుగైదుసార్లు వాడుకోవచ్చు.

బస్సు ఎడమకు పోతున్నట్టు కనబడాలంటే పట్టీ కుడికి జరగాలి. అంటే మొదట కనబడేది పట్టీ కుడి కొస. కాబట్టి ఆర్కే బీచ్‌ను కుడి చివర, భీమిలిని ఎడమ చివర గీయాలి. ఇది తిరగబడితే బస్సు భీమిలిలో బయలుదేరి ఆర్కే బీచ్‌లో దిగుతుంది. కెడెన్‌లైవ్‌లో పట్టీకి `Transform` అనే ఎఫెక్టు వేసి, X విలువను మొదట −4320 వద్ద, చివర 0 వద్ద కీఫ్రేములతో, అంటే ఏ క్షణానికి ఏ విలువో చెప్పే గుర్తులతో, కట్టండి. వెడల్పు 5400 అని ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే పట్టీని తెరలో ఇమిడేలా కుదించేసి ఉంటుంది. రెండో గడిలో బస్సు ఆగుతుంది కనుక ఆ ఆరు సెకన్లూ X విలువ మారకుండా రెండు కీఫ్రేముల మధ్య పట్టి ఉంచండి. మిగిలిన 18 సెకన్లలో 4320 పిక్సెళ్లు జరగడమంటే ఫ్రేముకు 8 పిక్సెళ్లు. ఈ వేగం కంటికి హాయిగా ఉంటుంది. కొబ్బరి చెట్టు దీనికి రెండు మూడు రెట్లు వేగంగా పోవచ్చు. అంతకు మించితే గతుకులు గతుకులుగా కనబడుతుంది.

బస్సు బొమ్మను అర సెకనుకోసారి నాలుగు పిక్సెళ్లు పైకీ కిందకీ ఆడించండి. ఆ కుదుపు లేకపోతే బస్సు ఆగి ఉండగా ఎవరో వెనక తెర లాగుతున్నట్టే ఉంటుంది. మనుషుల విషయంలో పిసినారితనం మంచిది. అబ్బాయికి తల తిప్పడం, చెయ్యి కదపడం చాలు. తల, చెయ్యి, మొండెం విడివిడి బొమ్మలుగా గీసుకుంటే ఈ రెండూ తిప్పుడుతోనే అయిపోతాయి.

అక్షరాలు ఫోనులో బతకాలంటే

కంప్యూటర్ తెరమీద మెరిసిన తెలుగు ఫోనులో ఎందుకు నలిగిపోతుందో ముందు తెలియాలి. ఇంగ్లిషు అక్షరం ఎక్కువగా ఒకే వరుసలో నడుస్తుంది. తెలుగుకు పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద ఒత్తులు. "జ్యోత్స్న"లో త కింద స, దాని కింద న. ఖతి సైజు ఎంత పెట్టినా ఆ చిన్న ఒత్తుకు దక్కేది అందులో కొంత మాత్రమే. పైగా వాట్సాప్ మామూలుగా పంపినప్పుడు వీడియోను బాగా కుదిస్తుంది. 1080 వెడల్పులో 60 పిక్సెళ్లున్న అక్షరం, వెడల్పు 480కి తగ్గితే 27 పిక్సెళ్లకు దిగుతుంది, దాని ఒత్తు గీత రెండు పిక్సెళ్లకు. అంతకన్నా సన్నమైతే ధ, ద, థలకు తేడా పోతుంది.

అందుకని ఏ అక్షరమూ 60 పిక్సెళ్లకు తగ్గకూడదన్నది నా కనీస గీత. వివరాలకు 72, సమయానికి 90, వధూవరుల పేర్లకు 130 దాకా వెళ్లండి. 72 సైజులో రెండు పక్కలా 90 పిక్సెళ్లు అంచు వదిలితే ఒక వరుసలో సుమారు పదిహేను అక్షరాలు పడతాయి. వరుసల మధ్య దూరం ఖతి సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో దిగబడుతుంది. పైన 250, కింద 300 పిక్సెళ్లు ఖాళీ వదలండి. స్టేటస్‌లో పెట్టినప్పుడు అక్కడ పేరు, జవాబు పెట్టె కూర్చుంటాయి.

ఖతుల్లో పేర్లకు రామభద్ర, వివరాలకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడితే నిశ్చింత. రామభద్ర గీత మందంగా ఉంటుంది కాబట్టి కుదింపును తట్టుకుంటుంది, కానీ నాలుగు వరుసలు దానితోనే కొడితే మోత ఎక్కువవుతుంది. నోటోలో మందాలు అనేకం ఉన్నాయి, మధ్యస్థం కన్నా ఒక మెట్టు లావుది తీసుకోండి. సన్నని గీతల అలంకార ఖతులు కాగితానికి వదిలేయండి.

రంగు విషయంలో ఒక సాంకేతిక సంగతి తెలిసి ఉండాలి. ఫోనులకు పంపే వీడియోల్లో వెలుతురు వివరాన్ని పూర్తిగా, రంగు వివరాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి సగం తగ్గించి నిల్వ చేస్తారు. ఎరుపు, ఆకుపచ్చల వెలుతురు దాదాపు సమానంగా ఉంటే తేడా అంతా రంగులోనే ఉన్నట్టు. అంటే ఆకుపచ్చ అరటాకు మీద ఎర్రని అక్షరం అంచులు చెరిగిపోతాయి. పసుపు కాగితం మీద ముదురు కుంకుమ రంగు మాత్రం నిక్షేపంగా నిలుస్తుంది, ఎందుకంటే పసుపు వెలుతురు, కుంకుమ చీకటి. మన శుభలేఖల పాత రంగులే ఇక్కడ గెలిచాయి. అనుమానం వస్తే కార్డును నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడూ తేలిగ్గా చదవగలిగితే రంగు కుదిరింది.

ఇక కదలిక. అక్షరం తర్వాత అక్షరం టైపు అవుతున్నట్టు వచ్చే ఎఫెక్టు తెలుగుకు పనికిరాదు. "లక్ష్మి" మధ్యలో ఆగినప్పుడు "లక్" అని, తర్వాత "లక్ష్" అని పొల్లు పైకి తేలుతూ మెరుస్తుంది. వరుసకు వరుస ఒకేసారి రావాలి. 12 ఫ్రేములలో మెల్లగా తేలి, ఆ తర్వాత కదలకుండా నిలబడాలి. మెరుపు తుడవడం, వెనక పూలు రాలడం ఆపేయండి. ఇది అభిరుచి గురించి చెబుతున్నది కాదు. వీడియో కుదింపు కదిలే చోటకే ఎక్కువ వనరులు ఖర్చు చేస్తుంది. వంద రేకులు రాలుతుంటే అక్షరానికి మిగిలేది తక్కువ. బొమ్మ నిశ్చలంగా ఉంటే అక్షరం అంచులు ఫ్రేము ఫ్రేముకూ తేరుకుంటాయి. రేకులు రాల్చాలని మనసు లాగితే టికెట్టు శుభలేఖగా మారే క్షణంలో రాల్చి ముగించండి.

వీడియో కూర్చే కొన్ని యాప్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. దీనికి తిరుగులేని మందు, కార్డులన్నీ ఇంక్‌స్కేప్‌లో రాసి, వెనక నేల లేని పీఎన్‌జీ బొమ్మలుగా తీసుకుని వాటినే వీడియోలో పెట్టడం. అప్పుడు ఏ యాప్‌కూ తెలుగు తెలియనవసరం లేదు. ఒకే కార్డులో వరుసలు వేరువేరు సమయాల్లో రావాలంటే ఒక్కో వరుసను ఒక్కో బొమ్మగా తీయండి.

సన్నాయి, డోలు

సినిమా పాట పెడితే వాట్సాప్‌లో ఎవరూ అడగకపోవచ్చు గానీ యూట్యూబులో ఎక్కించగానే హక్కుదారు నోటీసు రావచ్చు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు, ఆయన కృతి మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ కృతిని ఎవరో పాడిన రికార్డు వేరు. మన చట్టం ప్రకారం రికార్డుకు ప్రచురణ తర్వాత 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. కనుక పెళ్లికి మాట్లాడుకున్న సన్నాయి మేళం వాళ్లనే ఒక నిమిషం వాయించమని అడిగి, ఈ వీడియోకు వాడుకోవడానికి ఒప్పుకోలు తీసుకోవడం అన్నిటికన్నా మంచి దారి.

పరదాలున్న గదిలో, ఫోనును ఆరేడు అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. సన్నాయి గట్టి వాద్యం, దగ్గర పెడితే శబ్దం పగులుతుంది. డోలు గంభీరనాదం ఫోను స్పీకరులో దాదాపు వినబడదు, పదునైన దెబ్బల ధ్వని మాత్రం వినబడుతుంది. కాబట్టి రికార్డు చేశాక ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోనులోనే విని ఒప్పుకోండి. కళాకారులు 80 వేగానికి అటూ ఇటూ అయితే వాళ్లను ఇబ్బంది పెట్టవద్దు. పది ఆవర్తనాలకు ఎంత పట్టిందో కొలిచి, పదో వంతును మీ గడి చేసుకోండి. 63 సెకన్లు వస్తే గడి 6.3 సెకన్లు.

ఐదో గడి మొదటి దెబ్బకు గట్టిమేళం అందుకోమనండి. సరిగ్గా అక్కడే పేర్లు తెరమీదకు వస్తాయి. ముహూర్తం కార్డుల దగ్గర మేళం తగ్గి సన్నాయి ఒక్కటే మిగలాలి. చెవి సద్దుమణిగితే కన్ను చదువుతుంది.

బయటికి తీయడం, పరీక్ష

నిమిషం వీడియోకు సెకనుకు 2 మెగాబిట్ల రేటు పెడితే ఫైలు సుమారు 15 ఎంబీ అవుతుంది. బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ ఎంచుకుంటే పాత ఫోనుల్లోనూ ఆడుతుంది. మొదటి ఫ్రేము నల్లగా ఉండకూడదు. వాట్సాప్‌లో తెరవకముందు కనబడేది చాలాసార్లు అదే. బస్సు, సముద్రం ఉన్న పూర్తి బొమ్మతోనే మొదలుపెట్టండి.

పంపేముందు దాన్ని మీరే పాడుచేసి చూడాలి. కంప్యూటరులో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటే ఈ ఒక్క వరుసతో వాట్సాప్ కుదింపు లాంటి కుదింపు వస్తుంది:

```
ffmpeg -i pelli.mp4 -vf scale=480:-2 -c:v libx264 -crf 30 -c:a aac -b:a 64k pariksha.mp4
```

అది లేకపోతే వీడియోను ఒకరికి పంపి, వారిచేత మరొకరికి, అక్కడి నుంచి తిరిగి మీకు పంపించుకోండి. వచ్చిన దాన్ని ఫోనులో మూరెడు దూరంలో పట్టుకుని, వెలుతురు సగానికి తగ్గించి చూడండి. తర్వాత మధ్యాహ్నం వరండాలో ఎండ వెలుతురులో ఒకసారి. చివరి పరీక్ష మనిషితో. పాఠం రాసినవారికి అన్నీ కనబడుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే వారికి అది కంఠస్థం. అరవై దాటిన, ఈ పెళ్లి వివరాలు తెలియని బంధువు ఒకరికి ఫోను ఇచ్చి, ఒక్కసారే చూపించి, "ఏ రోజు బయలుదేరతారు? ఎక్కడికి వస్తారు?" అని అడగండి. తప్పు చెబితే ఏ కార్డు దగ్గర తడబడ్డారో అడిగి, దానిలో ఒక మాట తీసేయండి లేదా అక్షరం పెంచండి. సాధారణంగా తడబడేది వేదిక కార్డు దగ్గర. ఎంవీపీ కాలనీ అంటే సరిపోదు, సెక్టారు కావాలి. పక్కన ఏ గుడో, ఏ కూడలో ఉంటే దాన్ని కూడా ఒక వరుసలో వేయండి.

వీడియోలో వేసిన చిరునామాను వేలితో నొక్కితే దారి తెరుచుకోదు. అందుకని వీడియో పంపిన వెంటనే మండపం లొకేషను వేరే సందేశంగా పంపండి. వీడియో కింద రాసే మాటల్లో ముహూర్తం, విందు సమయం మామూలు అక్షరాల్లో మళ్లీ ఇవ్వండి. పెళ్లినాడు బస్టాండులో దిగినవాళ్లు వెతికేది ఆ సందేశం కోసమే. స్పష్టత పోకూడదనుకునే దగ్గరి బంధువులకు వీడియోను డాక్యుమెంటుగా జతచేసి పంపితే కుదించకుండా వెళుతుంది. అయితే అలా వచ్చినదాన్ని ముందు దించుకోవాలి, అది అందరికీ తెలియదు. కాబట్టి మామూలుగా ఒకటి, డాక్యుమెంటుగా ఒకటి పంపండి.